ఫోన్‌లో తీసిన అవుట్‌డోర్ ఇంటర్వ్యూలో గాలి హోరు తగ్గించడం: ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఆరు నిమిషాల నలభై సెకన్ల వీడియో. ఆరుబయట, ఒక పెద్దాయనతో ఇంటర్వ్యూ, ఫోన్ అడ్డంగా పెట్టి ఆయనకి మీటరు దూరంలో తీశాను, ప్రశ్నలు అడిగింది నా స్నేహితురాలు, ఫోన్ పక్కనే నిలబడి. తీసేటప్పుడు అక్కడ గాలి పెద్దగా ఉన్నట్టే అనిపించలేదు. ఇంటికొచ్చి ఫోన్ స్పీకర్లో విన్నాను, పర్వాలేదు అనుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టాక గుండె జారింది: ఆయన మాట కింద లారీ ఇంజను ఆన్‌లో వదిలేసినట్టు ఒకటే హోరు, మధ్యమధ్యలో ఎవరో మైకు మీద దుప్పటి దులిపినట్టు దబదబా మోతలు.

ఆ ఫైల్‌ని ఎలా బాగుచేశానో అదే వరసలో చెప్తాను. వాడింది ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్, అక్కడక్కడా కమాండ్లతో నడిచే `ffmpeg`, రెండూ ఉచితమే. వేరే ఎడిటర్ వాడేవాళ్లకి బటన్ల పేర్లు మారతాయి కానీ పని ఇదే.

ముందు ఒక మాట. చాలామంది చేసే పొరపాటు, నేనూ మొదట్లో చేసింది, గాలి మొత్తాన్ని ఒకే ఫిల్టర్‌తో ఒకేసారి తుడిచేయాలనుకోవడం. అలా చేస్తే హోరు పోయేలోపు గొంతు కూడా పోతుంది. ఫైల్లో ఉన్న గాలి నిజానికి మూడు రకాలు. ఒకటి, మొదటినుంచి చివరిదాకా అడుగున ఉండే హోరు. రెండు, కొన్ని సెకన్లు వచ్చి పోయే విసుర్లు. మూడు, మైకు తట్టుకోలేక శబ్దమే చిట్లిపోయిన చోట్లు. మొదటిది తేలిగ్గా పోతుంది, రెండోది ఓపిక అడుగుతుంది, మూడోది పోదు. ఏ చోట ఏ రకం ఉందో ముందు తేల్చుకోవాలి.

ఫోన్ స్పీకర్ ఎందుకు మోసం చేసింది

మనం వినే హోరు బయట గాలి చేసిన చప్పుడు కాదు. గాలి ఫోన్ అంచుకి, మైకు రంధ్రానికి తగిలి సుడులు తిరుగుతుంది, ఆ సుడుల ఒత్తిడి మైకు పొరని నేరుగా తోస్తుంది. పక్కన నిలబడ్డ మనిషికి అది వినపడదు, మైకు దగ్గర మాత్రమే పుడుతుంది. అందుకే తీసేటప్పుడు తెలీలేదు.

ఈ తోపుల్లో బలం ఎక్కువగా ఉండేది కింది పౌనఃపున్యాల్లో, అంటే 200 హెర్ట్జ్ లోపు, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ఫోన్ స్పీకర్ చిన్నది, ఆ కింది భాగాన్ని సరిగ్గా పలికించలేదు. అందుకని అందులో హోరు వినిపించలేదు, మాట మాత్రం వినిపించింది. పని మొత్తం చెవి నిండా ఉండే హెడ్‌ఫోన్స్‌తో చేయాలి. చివర్లో మాత్రం ఫోన్ స్పీకర్లో కూడా ఒకసారి వినాలి, దాని కారణం వేరు, తర్వాత చెప్తాను.

మగ గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడ గొంతుది సుమారు 165 నుంచి 255 మధ్య. అంటే గాలి, గొంతు అడుగుభాగం ఒకే చోట కూర్చున్నాయి. ఇబ్బంది అంతా ఇక్కడే. అయితే మనకో వెసులుబాటు ఉంది: మూల స్వరాన్ని తీసేసినా దాని పై స్వరాలు, అంటే రెట్టింపు, మూడు రెట్లు అలా ఉండేవి, మిగిలితే చెవి ఆ గొంతుని అదే ఎత్తులో గుర్తుపడుతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేవి, అయినా అవతల మాట్లాడేది మగా ఆడా, ఎవరు, మనకి తెలిసేది కదా. గొంతు పలచబడుతుంది, అర్థం మాత్రం పోదు. మన చేతిలో ఉన్న బేరం ఇదే: ఎంత పలచదనం ఒప్పుకుంటే ఎంత హోరు పోతుంది.

ఆడియోని వేరు చేయడం, అసలుని దాచడం

వీడియోలోంచి ఆడియోని విడిగా తీయండి. వాట్సాప్‌లో పంపించుకున్న కాపీ మీద పని చేయొద్దు, అది మళ్లీ కుదించినది. కేబుల్ పెట్టి ఫోన్‌లోని అసలు ఫైల్‌నే తెచ్చుకోండి.

```
ffmpeg -i interview.mp4 -vn -c:a pcm_s24le interview.wav
```

ఈ వేవ్ ఫైల్‌ని ఆడాసిటీలో తెరవండి. ఇప్పుడే సౌండ్ పెంచడం, నార్మలైజ్ చేయడం లాంటివి చేయకండి. ఎందుకంటే ఇప్పుడున్న లెవెల్‌ని నిర్ణయిస్తున్నది మాట కాదు, గాలి. నా ఫైల్లో గాలి మోత అత్యధికంగా మైనస్ 0.3 డెసిబెల్ దగ్గర తగులుతోంది, మాట మాత్రం ఎక్కడో కింద ఉంది. ఈ కొలతలో సున్నాయే పై హద్దు, పెంచడానికి జాగానే లేదు.

మొదట విని గుర్తులు పెట్టుకోవడం

ఇది విసుగు పని, కానీ మానేస్తే తర్వాత రెండింతలు పడుతుంది. మొత్తం ఒకసారి వింటూ కాగితం మీద సమయాలు రాసుకోండి. ఎక్కడ విసురు వచ్చింది, దాని కింద మాట ఉందా లేక అది ఖాళీలో వచ్చిందా, శబ్దం చిట్లిందా. నాకు తేలింది ఇది: హోరు మొత్తం పొడుగునా ఉంది. విసుర్లు పదకొండు, వాటిలో నాలుగు ఎవరూ మాట్లాడని చోట పడ్డాయి. మాట మీద పడ్డ ఏడింటిలో రెండు చిట్లాయి, 2:14 దగ్గర ఒకటి, 4:51 దగ్గర ఒకటి.

చిట్లిందని ఎలా తెలుస్తుంది? `View > Show Clipping in Waveform` పెడితే హద్దు తాకిన చోట ఎర్ర గీతలు కనిపిస్తాయి. కానీ దాని మీదే ఆధారపడకండి. మైకు దగ్గరే శబ్దం చిట్లి, ఆ తర్వాత ఫోన్ తనంతట తాను లెవెల్ తగ్గించి ఉంటే, తరంగం హద్దుకి చాలా కిందే ఉంటుంది, ఎర్ర గీత పడదు, శిఖరాలు మాత్రం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. బాగా జూమ్ చేసి చూడండి. చెవికైతే ఇంకా తేలిక: ఉత్త హోరు గుబగుబలాడుతుంది, చిట్లినది బరబరా చిరిగినట్టు వినిపిస్తుంది. ఆ చిరుగు కింది భాగంలో ఆగదు, మాట ఉండే మధ్య, పై భాగాల్లోకి కూడా చిమ్ముతుంది. కింది భాగాన్ని కోసే ఏ ఫిల్టరూ దాన్ని తీయలేదని ఇప్పుడే ఒప్పుకుంటే చాలా సమయం మిగులుతుంది.

రెండు చానెళ్లు ఉంటే మీ అదృష్టం

చాలా ఫోన్లు వీడియోకి రెండు మైకులతో స్టీరియో తీస్తాయి. మాట రెండు మైకులకీ దాదాపు ఒకేలా చేరుతుంది, గాలి సుడులు మాత్రం ఏ మైకు దగ్గరవి ఆ మైకువే, ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు. ఇది మనకి చాలా పనికొచ్చే తేడా.

ముందు అది నిజంగా స్టీరియోనేనా చూడండి. కొన్ని ఫోన్లు ఒకే శబ్దాన్ని రెండు చానెళ్లలో పెట్టి ఇస్తాయి. ట్రాక్ మెనూలో `Split Stereo to Mono` నొక్కి, ఒక ట్రాక్‌ని ఎంచుకుని `Effect > Special > Invert` చేసి, రెండూ కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే, ఈ భాగం మీకు అక్కర్లేదు. మాట బాగా తగ్గి గాలి మాత్రం మోగుతుంటే అది అసలైన స్టీరియో. పరీక్ష అయ్యాక అన్‌డూ చేయడం మర్చిపోవద్దు (నేను ఒకసారి మర్చిపోయి, మాట ఎందుకింత బోలుగా ఉందో తెలీక గంటసేపు కొట్టుకున్నాను).

ఇప్పుడు ఒక్కో ట్రాక్‌ని సోలో పెట్టి వినండి. చాలాసార్లు గాలి ఒక వైపునుంచే వస్తుంది కాబట్టి ఒక మైకు బాగా తింటుంది, రెండోది కాస్త మరుగున ఉంటుంది. నా ఫైల్లో ఎడమ చానెల్ ఘోరంగా ఉంది, కుడిది నయం. అలా తేడా బాగా ఉంటే మంచి దాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయండి, అంతే. ఇంటర్వ్యూ మోనోలో ఉంటే ఎవరికీ లోటు తెలీదు. రెండూ సమానంగా ఉంటే రెండింటినీ కలిపి మోనో చేయండి, మాటతో పోలిస్తే గాలి సుమారు 3 డెసిబెల్ వరకు తగ్గుతుంది. ఊరికే వచ్చేది కదా, తీసుకోండి.

కలిపేటప్పుడు ఒక చిక్కు. మాట్లాడే మనిషి ఫోన్‌కి ఎదురుగా ఉంటే రెండు మైకులకీ మాట ఒకేసారి అందుతుంది. పక్కన ఉంటే ఒకదానికి కాస్త ఆలస్యం. మైకుల మధ్య 15 సెంటీమీటర్లు ఉండి మనిషి సరిగ్గా పక్కనుంచి మాట్లాడితే, ఆ ఆలస్యం వల్ల సుమారు 1,100 హెర్ట్జ్ దగ్గర మాట తనని తానే రద్దు చేసుకుంటుంది, గొట్టంలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. పెద్దాయన ఎదురుగా ఉన్నారు, ఆయనకి సమస్య లేదు. పక్కన నిలబడ్డ నా స్నేహితురాలి గొంతుకి ఇదే జరిగింది. అందుకే నేను కలపలేదు, కుడి చానెల్ ఒక్కటే ఉంచుకున్నాను.

అడుగు హోరుని కోయడం

ఇప్పుడు అసలు ఫిల్టర్. `Effect > EQ and Filters > High-Pass Filter`. పెట్టిన అంకెకి కింద ఉన్న శబ్దాన్ని ఇది కోసేస్తుంది, పైదాన్ని వదిలేస్తుంది. ఇందులో రెండే అంకెలు: ఎక్కడినుంచి కోయాలి, ఎంత నిటారుగా కోయాలి.

మొదటి అంకె కోసం ఊహించక్కర్లేదు, చూసుకోవచ్చు. ఎవరూ మాట్లాడని, హోరు మాత్రం ఉన్న రెండు సెకన్ల ముక్కని ఎంచుకుని `Analyze > Plot Spectrum` తెరవండి, `Size` 8192 పెట్టండి, `Axis` ని `Log frequency` చేయండి. ఎడమవైపు పెద్ద కొండ, కుడికి వచ్చేకొద్దీ పల్లం. కొండ ఎక్కడ నేలకి దిగుతోందో చూసుకోండి, నాది సుమారు 130 దగ్గర దిగింది. తర్వాత ఆయన మాట్లాడే రెండు సెకన్లు ఎంచుకుని మళ్లీ చూడండి. కొండ పక్కన వరసగా సన్నటి శిఖరాలు లేస్తాయి. ఆయనవి 110, 220, 330 దగ్గర కనిపించాయి, అంటే ఆయన మూల స్వరం 110 చుట్టూ ఉంది. అది కొండ వాలులోనే ఇరుక్కుని ఉంది, 220 మాత్రం బయట ఉంది.

నేను 120 హెర్ట్జ్, `24` డెసిబెల్ వాలు పెట్టాను. దాని లెక్క ఇలా ఉంటుంది: 120 దగ్గర 3 డెసిబెల్ తగ్గుతుంది, ఒక ఆక్టేవ్ కింద, అంటే 60 దగ్గర 24 తగ్గుతుంది, 30 దగ్గర 48. హోరులో అసలు బరువు ఉన్నది ఆ 60 లోపే, అది దాదాపు మాయం. ఆయన మూల స్వరం 110 దగ్గర సుమారు 5 డెసిబెల్ తగ్గింది, 220, 330 అలాగే ఉన్నాయి. గొంతు కొంచెం తేలికపడింది, ఆయన గొంతే అని గుర్తుపట్టడానికి ఏ ఇబ్బందీ లేదు. మాట్లాడేది ఆడవాళ్లొక్కరే అయితే 150 దాకా, కొన్ని గొంతులకి ఇంకాస్త పైకి కూడా పెట్టొచ్చు.

`6` లేదా `12` వాలు ఎందుకు పెట్టకూడదు అంటే, అంత మెల్లటి వాలుతో హోరు పోవాలంటే కోత మొదలయ్యే చోటుని 250, 300 దాకా లాగాలి, అప్పుడు గొంతులో కండ పోతుంది. మరి `48` పెడితే? నిటారు గోడ లాంటిది, మూల స్వరం ఆ గోడకి అటూ ఇటూ ఊగే గొంతు ఉంటే, ఒక మాట నిండుగా ఒక మాట డొల్లగా వస్తుంది. నా లెక్కలో గాలికి 24 సరైన మధ్యస్థం.

కమాండ్‌తో చేయాలనుకునేవాళ్లకి ఒక సంగతి: `ffmpeg` లో `highpass` ఒక్కసారి పెడితే 12 డెసిబెల్ వాలే వస్తుంది, 24 కావాలంటే రెండుసార్లు రాయాలి. కింద `right.wav` అంటే ఆడాసిటీ నుంచి ఎగుమతి చేసుకున్న ఆ కుడి చానెల్.

```
ffmpeg -i right.wav -af "highpass=f=120,highpass=f=120" hp.wav
```

రెండుసార్లు రాస్తే 120 దగ్గర తగ్గుదల కూడా రెట్టింపై 6 డెసిబెల్ అవుతుంది. కావాలంటే రెండింటినీ 100కి దించుకోండి.

ఫిల్టర్ అయ్యాక ఫైల్ చూడండి, తరంగం ఒక్కసారిగా సన్నబడుతుంది. నాది మైనస్ 0.3 నుంచి మైనస్ 9 కి పడింది. పాడైందని కంగారు పడకండి, ఆ జాగా అంతా గాలి ఆక్రమించుకుని ఉంది, ఇప్పుడు ఖాళీ అయ్యింది.

విసుర్లని ఒక్కోదాన్నీ విడిగా

అడుగు హోరు పోయాక విసుర్లు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. గట్టి విసురు 120 దగ్గర ఆగదు, 300 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పాకుతుంది. దాని కోసం మొత్తం ఫైల్‌ని 250 దగ్గర కోస్తే, ఏడు విసుర్ల కోసం ఆరున్నర నిమిషాల గొంతుని బలి పెట్టినట్టే. అందుకే రెండు ట్రాకుల పద్ధతి.

120 దగ్గర కోసిన ట్రాక్‌ని `Ctrl+D` తో నకలు చేయండి. ఆ నకలుకి మాత్రం మళ్లీ `High-Pass Filter`, ఈసారి 250 హెర్ట్జ్, `24` వాలు. ఇప్పుడు పై ట్రాక్ మామూలు గొంతు, కింది ట్రాక్ టెలిఫోన్ గొంతు. ట్రాక్‌లో ఏ చోట కావాలంటే ఆ చోట లెవెల్‌ని ఎత్తడానికీ దించడానికీ ఉండే ఎన్వలప్ టూల్ తీసుకుని కింది ట్రాక్‌ని మొత్తం సున్నాకి దించేయండి. విసురు వచ్చిన చోట మాత్రం పైదాన్ని దించి కిందిదాన్ని లేపండి. మార్పుకి ఒక పదో వంతు సెకను చాలు. ఇంకా సాగదీస్తే రెండు ట్రాకులూ ఒకేసారి మోగే సమయం పెరుగుతుంది, ఫిల్టర్ల వల్ల వాటి తరంగాలు కొంచెం అటూ ఇటూ జరిగి ఉంటాయి కాబట్టి గొంతు అక్కడ వింతగా ఊగుతుంది.

ఎక్కడ మార్చాలన్నది దీనికంటే ముఖ్యం. విసురు మాట మధ్యలో మొదలైనా, మార్పుని ఆ మాట మొదటికో, వీలైతే ఊపిరి తీసుకునే చోటికో జరపండి. ఒకే పదంలో సగం నిండుగా సగం పలచగా ఉంటే ఎవరికైనా తెలిసిపోతుంది, వాక్యం మొదటినుంచే కాస్త పలచగా ఉంటే చెవి సర్దుకుంటుంది. ఆయన ఒక చోట "మా నాన్నగారు ఆ రోజు..." అంటూ ఉండగా "నాన్నగారు" మధ్యలో విసురు పడింది. నేను "మా" దగ్గర్నుంచే మార్చాను, వాక్యం అయ్యే దాకా తిరిగి రాలేదు. విన్నవాళ్లెవరూ పట్టుకోలేదు.

మాట లేని ఖాళీల్లో పడ్డ నాలుగు విసుర్లకి ఇంత తంతు అక్కర్లేదు. ఎన్వలప్‌తో అక్కడ లెవెల్ తగ్గిస్తే సరి. కానీ పూర్తిగా సున్నా చేయకండి. ఆరుబయట వాతావరణపు చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఒక్కసారి నిశ్శబ్దం పడితే కాల్ కట్ అయిందనుకుంటారు. నేనైతే అదే రికార్డింగ్‌లో గాలి లేని రెండు మూడు సెకన్ల ఖాళీ ముక్కని వెతికి, కాపీ చేసి, ఆ చోట అతికిస్తాను. పొడవు మాత్రం సెకనులో భాగం కూడా మారకూడదు, మారితే అక్కడినుంచి పెదాలకీ మాటకీ పొంతన పోతుంది. అందుకే కత్తిరించి అతికించడం కాకుండా, ముక్కని మరో ట్రాక్ మీద పెట్టి, విసురు ఉన్న చోట అసలు ట్రాక్‌ని దించుతాను.

ఇంకో సంగతి గమనించండి. విసురు తగ్గిన వెంటనే ఒకటి రెండు సెకన్లు మాట సన్నగా వినిపించి, మెల్లగా మామూలుకి వస్తే, అది ఫోన్ చేసిన పని. పెద్ద శబ్దం రాగానే ఫోన్ తనంతట తాను లెవెల్ తగ్గించుకుంటుంది, మళ్లీ పెంచడానికి కాస్త సమయం తీసుకుంటుంది. అక్కడ ఎన్వలప్‌తో పైకి ఎత్తండి, 4 నుంచి 6 డెసిబెల్ దాకా పర్వాలేదు, అంతకంటే ఎత్తితే వెనక చప్పుడు కూడా ఉబ్బినట్టు లేస్తుంది.

నాయిస్ రిడక్షన్ గురించి

అందరూ ముందు నొక్కే బటన్ ఇదే, నేను చివర్లో చెప్తున్నాను. `Noise Reduction` పని చేసే తీరు, ముందు చప్పుడు నమూనా ఒకటి చూపిస్తే, ఫైల్ మొత్తంలో అదే నమూనాని వెతికి తగ్గించడం. ఫ్యాన్, ఏసీ లాంటి మారని చప్పుళ్లకి బాగుంటుంది. గాలి క్షణక్షణం మారుతుంది, ఒక సెకను నమూనా మరో సెకనుకి సరిపోదు. గట్టిగా వాడితే హోరు స్థానంలో నీళ్లలో బుడగలు పేలినట్టు టింగుటింగుమనే చప్పుడు మిగులుతుంది, అది హోరు కంటే చిరాకు.

వాడాలనుకుంటే ఫిల్టర్ల తర్వాతే, మిగిలిన సన్నటి సుయ్ మనే చప్పుడు కోసం, 6 డెసిబెల్ మించకుండా. నమూనా కూడా ఫిల్టర్ అయ్యాక ఉన్న ఖాళీ నుంచే తీసుకోండి. నేను ఈ ఫైల్‌కి పెట్టి చూసి, తీసేశాను. గాలి కొంచెం ఉన్నా గొంతు సహజంగా ఉండటమే నాకు నచ్చింది. ఆరుబయట కూర్చున్నట్టు కనిపిస్తోంది కదా, కాస్త గాలి వినిపిస్తే తప్పేం లేదు.

చిట్లిన రెండు చోట్లు

2:14 దగ్గర ఆయన ఒక్క పదం, 4:51 దగ్గర దాదాపు మొత్తం వాక్యం. `Clip Fix` వేసి చూశాను, అది చదునైన శిఖరాలని ఊహించి గుండ్రంగా గీస్తుంది. అక్కడక్కడా ఒకటి రెండు శిఖరాలు తెగితే ఉపయోగం, వరసగా అర సెకను తెగిపోతే ఊహించడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. మొదటి చోట కాస్త నయమైంది, రెండో చోట ఏ మార్పూ లేదు. ఒకవేళ వాడితే ఇది హై-పాస్ కంటే ముందే చేయాలి, ఫిల్టర్ అయ్యాక ఆ చదును ఆకారం చెదిరిపోతుంది, దానికి తెగిన చోటు దొరకదు. అందుకే నేను అసలు ఫైల్లోని ఆ ముక్కలకి విడిగా చేసి తెచ్చుకున్నాను.

చిట్లిన శబ్దం దగ్గర ఎడమ చానెల్‌ని కూడా ఒకసారి వినండి. మొత్తం మీద ఘోరంగా ఉన్న మైకు ఆ ఒక్క క్షణంలో బతికిపోయి ఉండొచ్చు. 2:14 దగ్గర సరిగ్గా అదే జరిగింది, ఆ పదాన్ని ఎడమ నుంచి తెచ్చి 250 దగ్గర కోసి పెట్టాను. 4:51 వాక్యానికి దారి లేక, వీడియో కాబట్టి కింద అక్షరాల్లో ఆ మాట వేశాను, సౌండ్‌ని 8 డెసిబెల్ తగ్గించాను. ఆడియో మాత్రమే అయితే ఆ వాక్యం తీసేయడమో, మనిషిని ఫోన్ చేసి ఆ ఒక్క వాక్యం మళ్లీ చెప్పించుకోవడమో తప్ప వేరే లేదు.

ఈ రకాన్ని ఆపగలిగేది రికార్డింగ్ రోజునే. గాలి వేగం రెట్టింపైతే అది మోపే ఒత్తిడి నాలుగింతలవుతుంది, అంటే 12 డెసిబెల్. తిప్పి చూస్తే మంచి వార్తే: గోడ చాటుకో మీ వీపు చాటుకో జరిగి మైకు దగ్గర గాలిని సగానికి తగ్గిస్తే, ఏ ఫిల్టరూ లేకుండానే 12 డెసిబెల్ లాభం. మైకు రంధ్రాన్ని వేలితోనో టేపుతోనో మూయకండి, గాలితోపాటు మాటలోని స్పష్టత కూడా పోతుంది. పొడుగు నూగు ఉన్న బొచ్చు తొడుగు రంధ్రం చుట్టూ వదులుగా ఉంటే నయం, మైకు ముందు కదలని గాలి పొర ఒకటి నిలబడుతుంది.

గొంతుకి కండ, ఆపై లెవెల్

కోతల వల్ల గొంతు పలచబడింది అనిపిస్తే `Filter Curve EQ` లో 200 నుంచి 300 మధ్య 2 డెసిబెల్ ఎత్తండి, 3 దాటొద్దు. 120 కిందకి మాత్రం ఎత్తకండి, కష్టపడి తోలేసిన హోరుని మళ్లీ పిలిచినట్టే.

ఆ తర్వాతే లెవెల్. రెండు ట్రాకుల్నీ కలిపి ఒకటి చేసి `Effect > Volume and Compression > Loudness Normalization` లో మైనస్ 16 LUFS పెట్టండి, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత అది, మోనో ఫైల్ అయితే `Treat mono as dual-mono` టిక్ ఉండాలి, లేకపోతే అనుకున్నదానికంటే 3 డెసిబెల్ ఎక్కువ గట్టిగా వస్తుంది. శిఖరాలు సున్నా దాటుతున్నాయేమో చూసి, దాటితే `Limiter` తో మైనస్ 1.5 దగ్గర ఆపండి. ఇది మొదట్లోనే చేసి ఉంటే కొలత గాలి ప్రభావంలో పడేది, మాట ఎక్కడో కింద ఉండిపోయేది.

తిరిగి వీడియోలో పెట్టడం

ఎగుమతి చేసిన ఫైల్‌ని వీడియోకి ఇలా అతికించండి, బొమ్మని ముట్టుకోకుండా:

```
ffmpeg -i interview.mp4 -i final.wav -map 0:v -map 1:a -c:v copy -c:a aac -b:a 192k out.mp4
```

ఇప్పుడు మూడు చోట్ల వినండి. హెడ్‌ఫోన్స్‌లో మొత్తం, విసుర్ల దగ్గర మార్పు తెలుస్తోందా అని. ఫోన్ స్పీకర్లో ఒక నిమిషం, ఈసారి హోరు కోసం కాదు, గొంతు మరీ రేకు డబ్బాలా ఉందేమో అని, ఎందుకంటే స్పీకర్ తనవంతుగా ఇంకొంత అడుగు కోస్తుంది, మన కోత దానికి తోడవుతుంది. రేకులా ఉంటే 120ని 100కి దించి మళ్లీ చేయండి. మూడోది, ఆఖరి పది సెకన్లలో పెదాలు చూడండి. మొదట్లో సరిగ్గా ఉండి చివర తేడా వస్తే, ఏదో ఖాళీలో మీకు తెలీకుండా పొడవు మారింది. నాకు మొదటిసారి అదే వచ్చింది, 3:30 దగ్గర అతికించిన ముక్క కొత్త ట్రాక్ మీద కాకుండా అదే ట్రాక్‌లో దూరి, మిగతాదాన్ని కుడికి తోసేసింది. సరిచేసి మళ్లీ అతికిస్తే కుదిరింది.